ఫ్రిజ్‌కు మూడు నిమిషాల ఆలస్యం: ఆర్‌సీ టైమర్‌లో విలువలు ఎలా ఎంచుకోవాలి

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు ఇలా పోయి అలా వస్తుంది. బల్బుకూ ఫ్యాన్‌కూ దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఫ్రిజ్‌కే. కంప్రెసర్ నడుస్తుండగా కరెంటు పోతే ఒకవైపు పైపుల్లో గ్యాస్ ఒత్తిడి ఎక్కువగా, మరోవైపు తక్కువగా నిలిచిపోతుంది. రెండువైపులా సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపే కరెంటు వస్తే మోటారు ఆ ఒత్తిడికి ఎదురు తిరగలేక, కదలకుండానే భారీగా కరెంటు లాగుతుంది. కాసేపటికి ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ టక్కుమని తెగుతుంది, మళ్లీ కలుస్తుంది, మళ్లీ తెగుతుంది. ఇలా పదే పదే జరిగితే వైండింగ్ కాలిపోతుంది. స్టెబిలైజర్లలో మూడు నిమిషాల ఆలస్యం పెట్టేది ఇందుకే.

ఆ మూడు నిమిషాలను సొంతంగా కొలిచే చిన్న సర్క్యూట్ చేద్దామని కూర్చుంటే మొదట తట్టేది రెసిస్టర్, కెపాసిటర్ జోడీయే. రెసిస్టర్ గుండా కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, దాని వోల్టేజీ ఒక గీత దాటగానే కంపారేటర్ మారుతుంది, రిలే పడి ఫ్రిజ్‌కు కరెంటు కలుపుతుంది. లెక్క కూడా ఒక్క వరుసలో తేలిపోతుంది. అయినా ఈ లెక్క ప్రకారం కట్టిన టైమర్లు మూడు నిమిషాలన్నచోట ఐదు నిమిషాలు తీసుకోవడం, కొన్నిసార్లు అసలు రిలే పడకుండానే ఉండిపోవడం మామూలే. సూత్రంలో తప్పేమీ లేదు. విలువలు ఎంచుకునే వరుసలోనే ఉంది తేడా. చాలామంది చేతికి దొరికిన కెపాసిటర్‌తో మొదలుపెట్టి, దానికి తగ్గ రెసిస్టర్‌ను లెక్కగట్టి, దాటాల్సిన గీతను చివరికి వదిలేస్తారు. నిజానికి మొదట తేల్చుకోవలసింది ఆ గీతనే. ఆ తర్వాత కెపాసిటర్ రకం. రెసిస్టర్ అన్నిటికంటే చివర.

వీటన్నిటికంటే ముందు, ఎంత ఆలస్యం కావాలన్నది సరిగ్గా రాసుకోవాలి. ఫ్రిజ్ విషయంలో "మూడు నిమిషాలు" అంటే సరిగ్గా 180 సెకన్లని కాదు. 180కి తగ్గకూడదు, నాలుగైదు నిమిషాలు దాటకూడదు. తగ్గితే కంప్రెసర్‌కు ముప్పు, మరీ పెరిగితే ఎండాకాలంలో పాలు విరిగే ముప్పు. కింది హద్దు గట్టిది, పై హద్దు కాస్త మెత్తనిది. ఈ తేడా గుర్తుంటే, పొరపాటు ఎటువైపు వెళ్లినా ఫరవాలేదో ఎటు వెళ్లకూడదో ప్రతి అడుగులోనూ తెలుస్తుంది.

ఇక సూత్రం. ఖాళీ కెపాసిటర్ ఒక రెసిస్టర్ గుండా స్థిరమైన సప్లై నుంచి నిండుతున్నప్పుడు గీతను చేరడానికి పట్టే సమయం ఇది:

```
t = R × C × ln( Vs / (Vs − Vth) )
```

Vs అంటే సప్లై వోల్టేజీ, Vth అంటే దాటాల్సిన గీత. ln సహజ సంవర్గమానం. రెసిస్టర్‌ను మెగాఓమ్‌లలో, కెపాసిటర్‌ను మైక్రోఫారడ్‌లలో పెడితే జవాబు నేరుగా సెకన్లలో వస్తుంది.

గీతను ఎక్కడ పెట్టాలి? ఎత్తుగా పెడితే అదే రెసిస్టర్, అదే కెపాసిటర్‌తో ఎక్కువ సమయం వస్తుంది కదా అన్న ఆశ సహజమే. 12 వోల్టుల సప్లైకి గీతను 90 శాతం దగ్గర, అంటే 10.8 వోల్టుల దగ్గర పెడితే సమయం ఆర్‌సీ లబ్ధానికి 2.3 రెట్లు. కానీ అక్కడికి చేరేసరికి కెపాసిటర్ నిండే వేగం బాగా మందగిస్తుంది. గ్రాఫ్ గీసి చూస్తే వోల్టేజీ గీత దాదాపు పడుకుని ఉంటుంది. పడుకున్న గీతను మరో అడ్డగీత ఎక్కడ కోస్తుందో కచ్చితంగా చెప్పడం కష్టం. అడ్డగీత ఒక వెంట్రుకవాసి పైకి జరిగినా, కోసే చోటు చాలా దూరం జరిగిపోతుంది. లెక్కలో చెప్పాలంటే, గీత సప్లైలో ఒక్క శాతం జరిగితే 90 శాతం దగ్గర సమయం 4.3 శాతం మారుతుంది. మరీ కింద, 10 శాతం దగ్గర పెడితే ఇంకా ఘోరం. సమయం 10 శాతానికి పైగా మారుతుంది, ఎందుకంటే అక్కడ మొత్తం సమయమే చిన్నది.

ఈ రెంటి మధ్యా ఈ దోషం అతి తక్కువయ్యే చోటు ఒకటుంది. కలనగణితంతో చూస్తే అది సరిగ్గా 63.2 శాతం దగ్గర వస్తుంది. అక్కడ ఒక శాతం జరుగుడుకు సమయంలో మార్పు 2.7 శాతం. అంతకంటే తగ్గించడం ఏ గీతకూ సాధ్యం కాదు. పైగా అక్కడ సంవర్గమానం విలువ ఒకటి, కాబట్టి సమయం నేరుగా ఆర్‌సీ లబ్ధమే. 50 నుంచి 70 శాతం మధ్య ఎక్కడ పెట్టినా తేడా స్వల్పమే గనుక పట్టుదలకు పోనక్కర్లేదు. 555 ఐసీలో మూడింట రెండొంతుల గీత ఉండటం ఈ కోణంలో చూస్తే చాలా సుఖమైన ఎంపిక.

మన సర్క్యూట్‌లో 12 వోల్టుల సప్లై, ఒక ఎల్‌ఎం393 కంపారేటర్ అనుకుందాం. గీత కోసం అదే 12 వోల్టుల నుంచి కిందికి రెండు రెసిస్టర్లు: పైన 27 కిలోఓమ్‌లు, కింద 47 కిలోఓమ్‌లు. నడిమధ్య 63.5 శాతం, అంటే సుమారు 7.6 వోల్టులు వస్తాయి. గీతనూ కెపాసిటర్‌నూ ఒకే సప్లై నుంచి నడపడం ఇక్కడ కిటుకు. రెగ్యులేటర్ 12 బదులు 11.6 ఇచ్చినా గీతా, నిండే వేగమూ ఒకే పాళ్లలో తగ్గుతాయి. సమయం మారదు. గీతకు జీనర్ డయోడ్ వాడి, కెపాసిటర్‌ను వేరే సప్లై నుంచి నింపితే ఈ లాభం పోతుంది.

గీత తేలాక మిగిలింది 180 సెకన్ల లబ్ధం. కాగితం మీద ఇది ఒక్క నిమిషం పని. 1000 మైక్రోఫారడ్‌లు, 180 కిలోఓమ్‌లు. లేదా 100 మైక్రోఫారడ్‌లు, 1.8 మెగాఓమ్‌లు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ కొట్లో అడిగినా రెండూ దొరుకుతాయి. సమస్య సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ విలువల్లో దొరికేవి అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వాటిలో కరెంటు కొద్దిగా కారిపోతూ ఉంటుంది.

సూత్రం రాసినవాడు కెపాసిటర్‌లోకి వెళ్లిన కరెంటంతా అందులోనే నిలుస్తుందని అనుకున్నాడు. ఎలక్ట్రోలిటిక్‌లో ప్లేట్ల మధ్య ఉండే అల్యూమినియం ఆక్సైడ్ పొర అంత గట్టిది కాదు. సన్నటి నల్లా ధారతో చిల్లు ట్యాంకును నింపుతున్నట్టే ఇది: నిండే కొద్దీ ధార సన్నబడుతుంది, చిల్లు మాత్రం అలాగే ఉంటుంది. 180 కిలోఓమ్‌ల గుండా మొదట్లో 67 మైక్రోఆంపియర్లు పారతాయి. గీత దగ్గరికి చేరేసరికి రెసిస్టర్ మీద మిగిలేది 4.4 వోల్టులే కాబట్టి 24 మైక్రోఆంపియర్లకు పడిపోతుంది. కారే కరెంటు దీనికి సమానమైతే వోల్టేజీ అక్కడే ఆగిపోతుంది. గీతను ఎన్నటికీ దాటదు.

ఎంత కారుతుందో తెలిస్తే సమయాన్ని కూడా లెక్కగట్టవచ్చు. కారే కరెంటు దాదాపు స్థిరమనుకుంటే, సప్లైలోంచి ఆ కరెంటుకూ రెసిస్టర్‌కూ లబ్ధాన్ని తీసేసి, మిగిలిన దాన్ని అసలు సప్లైగా భావించాలి:

```
Ve = Vs − IL × R
t  = R × C × ln( Ve / (Ve − Vth) )
```

1000 మైక్రోఫారడ్‌లు, 180 కిలోఓమ్‌లు, గీత 7.6 వోల్టులు. కారేది 5 మైక్రోఆంపియర్లయితే 180 సెకన్లు కాస్తా 208 అవుతాయి. 10 అయితే 246. 16 అయితే 322, అంటే ఐదు నిమిషాలు దాటినట్టే. 25 దగ్గర సంవర్గమానం లోపలి సంఖ్య రుణాత్మకమైపోతుంది. రిలే ఎప్పటికీ పడదని సూత్రం చెప్పే తీరు అది. కరెంటు సమానంగా పెరుగుతున్నా సమయం మొదట మెల్లగా, చివర్లో విపరీతంగా సాగిపోవడం గమనించాలి. పది టైమర్లు కడితే ఎనిమిది బాగానే ఉండి, ఒకటి ఐదు నిమిషాలకు, ఇంకొకటి అసలే పని చేయకపోవడానికి కారణం ఈ సాగుడే.

మామూలు ఎలక్ట్రోలిటిక్‌లకు డేటాషీట్ ఇచ్చే గ్యారంటీ ఏమిటి? చాలా రకాలకు రాసే నియమం ఇలా ఉంటుంది: రేటెడ్ వోల్టేజీ పెట్టిన రెండు నిమిషాల తర్వాత, మైక్రోఫారడ్‌లనూ వోల్టులనూ గుణించి నూటితో భాగిస్తే వచ్చినన్ని మైక్రోఆంపియర్లకు, లేదా 3 మైక్రోఆంపియర్లకు, ఏది ఎక్కువైతే దానికి మించదు. 16 వోల్టుల 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు అది 160 మైక్రోఆంపియర్లు. మనకు గీత దగ్గర ఉన్నది 24. నిజానికి మంచి కెపాసిటర్‌లో, అదీ రేటింగ్ కంటే తక్కువ వోల్టేజీ దగ్గర, కారేది ఈ గ్యారంటీలో చిన్న వంతే. అందుకే చాలా టైమర్లు పని చేస్తాయి. కానీ అది అదృష్టం, డిజైన్ కాదు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే ఆలోచన విలువలు మార్చి చూద్దామని. రెసిస్టర్ పెద్దదయ్యే కొద్దీ కరెంటు తగ్గి ఇబ్బందవుతోంది కాబట్టి, రెసిస్టర్ తగ్గించి కెపాసిటర్ పెంచితే సరి అనిపిస్తుంది. 2200 మైక్రోఫారడ్‌లు, 82 కిలోఓమ్‌లు పెడితే గీత దగ్గర 54 మైక్రోఆంపియర్లు ఉంటాయి, బాగానే ఉంది. కానీ కెపాసిటర్ రెండింతలకు పైగా పెరిగింది గనుక కారే కరెంటు గ్యారంటీ కూడా అంతే పెరిగి 352 అయింది. 100 మైక్రోఫారడ్‌లకు దిగితే గీత దగ్గర 2.4, గ్యారంటీ 16. నిష్పత్తి ఎక్కడా ఆరున్నర రెట్ల నుంచి కదలదు. కారణం సులువే: సమయం స్థిరమైతే నింపే కరెంటు కెపాసిటర్ విలువతో పాటే పెరుగుతుంది, కారే కరెంటూ దానితోనే పెరుగుతుంది. భాగిస్తే కెపాసిటర్ ఎగిరిపోతుంది. మిగిలేది సమయం ఒక్కటే. అంటే ఎలక్ట్రోలిటిక్‌తో ఎంత ఆలస్యం నమ్మకంగా వస్తుందన్నది ఆ కెపాసిటర్ రకం నిర్ణయిస్తుంది. విలువలు అటూఇటూ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఈ సంగతి ఒక్కసారి లెక్కగట్టి చూసుకుంటే గుజరాతీ గల్లీకి రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

తక్కువ కారే రకాల ఎలక్ట్రోలిటిక్‌లు ఉన్నాయి. గ్యారంటీ ఐదింట ఒక వంతుకు దిగుతుంది. అప్పుడు కూడా 1000 మైక్రోఫారడ్‌లకు 32 మైక్రోఆంపియర్లు, మన 24కు ఇంకా పైనే. అవతలి వైపు, పది సెకన్ల ఆలస్యానికి మామూలు రకమే చాలు. 100 మైక్రోఫారడ్‌లు, 100 కిలోఓమ్‌లు పెడితే గీత దగ్గర 44 మైక్రోఆంపియర్లుంటాయి. నిజంగా రెండు మైక్రోఆంపియర్లు కారినా సమయం మూడు శాతమే పెరుగుతుంది. కెపాసిటర్ విలువలోనే ఉండే ఇరవై శాతం అటూఇటూ ముందు అది లెక్కలోకే రాదు. స్పీకర్ రిలే, బోరు మోటారు ముందు అలారం లాంటి వాటికి ఎలక్ట్రోలిటిక్ మీద ఫిర్యాదు అనవసరం.

మూడు నిమిషాల టైమర్ ఇప్పటికే కట్టేసి ఉంటే కారుతోందో లేదో తెలుసుకోవడం ఎలా? సాధారణంగా చేసే పని మీటర్‌ను కెపాసిటర్ కాళ్ల మధ్య పెట్టడం. డిజిటల్ మీటర్ లోపల పది మెగాఓమ్‌లు ఉంటాయి. 1.8 మెగాఓమ్‌ల రెసిస్టర్ వాడిన సర్క్యూట్‌లో గీత దగ్గర మీటరే 0.76 మైక్రోఆంపియర్లు తాగేస్తుంది, అంటే నింపే కరెంటులో దాదాపు మూడో వంతు. కొలవడానికి పెట్టినదే సమయాన్ని చెడగొడుతుంది. మంచి పద్ధతి వేరే ఉంది. కంపారేటర్ తీసేసి, సర్క్యూట్‌ను గంటల తరబడి సప్లైలో వదిలేసి, తర్వాత మీటర్‌ను రెసిస్టర్ కాళ్ల మధ్య పెట్టాలి. కెపాసిటర్ పూర్తిగా నిండి ఉంటుంది గనుక రెసిస్టర్ గుండా పారేదంతా కారుతున్న కరెంటే. 180 కిలోఓమ్‌ల మీద 0.9 వోల్టులు కనిపిస్తే 5 మైక్రోఆంపియర్లు. మీటర్ పది మెగాఓమ్‌లు ఈ కొలతను రెండు శాతం మించి పాడు చేయవు.

ఇంకొక ఆనవాలు స్టాప్‌వాచ్‌లోనే దొరుకుతుంది. ఏళ్లుగా అరలో పడి ఉన్న కెపాసిటర్‌లో ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది. వోల్టేజీ తగిలే కొద్దీ మళ్లీ గట్టిపడుతుంది. కాబట్టి వరుసగా పరీక్షిస్తే మొదటిసారి చాలా ఎక్కువ సమయం, తర్వాత ప్రతిసారీ కొంచెం కొంచెం తక్కువ సమయం వస్తుంది. ప్రతి పరీక్ష ముందూ కెపాసిటర్ కాళ్లను ఒక చిన్న రెసిస్టర్‌తో కాసేపు కలిపి పూర్తిగా ఖాళీ చేశాక కూడా సమయం తగ్గుతూ పోతుంటే అది పాత సరుకే. అలాంటి దశలో ప్రీసెట్ తిప్పి సరిగ్గా 180 సెకన్లకు సర్దేసి పెట్టె మూసేయడం అన్నిటికంటే చెడ్డ పని. పొర గట్టిపడ్డాక సమయం తగ్గి, దాటకూడని వైపుకే వెళ్తుంది. మేలో టెర్రస్ కింది గదిలో సర్దితే డిసెంబర్‌లో కూడా ఇదే గతి, ఎందుకంటే వేడితో కారడం పెరుగుతుంది, చలితో తగ్గుతుంది.

ఎలక్ట్రోలిటిక్ వదిలి ఫిల్మ్ కెపాసిటర్‌కు మారితే కారడం సమస్య మాయమవుతుంది. కానీ 10 మైక్రోఫారడ్‌ల ఫిల్మ్ కెపాసిటరే అగ్గిపెట్టెకు దగ్గరగా ఉంటుంది, దానికి 18 మెగాఓమ్‌ల రెసిస్టర్ కావాలి. అక్కడ ఎల్‌ఎం393 ఇన్‌పుట్ కరెంటే తలనొప్పి. ఆ ఐసీ ఇన్‌పుట్ కాలు నుంచి కరెంటు బయటికి వస్తుంది, మామూలుగా 25 నానోఆంపియర్లు, గరిష్ఠంగా 250. గీత దగ్గర నింపే కరెంటు 240 నానోఆంపియర్లే! అంటే ఐసీయే కెపాసిటర్‌ను సగానికి సగం నింపేయగలదు. సమయం తగ్గుతుంది, అదీ కంప్రెసర్‌కు చెడు చేసే వైపుకు. సీమాస్ కంపారేటర్ పెడితే ఇది పోతుంది. ఆపైన వానాకాలంలో బోర్డు మీద తడి, సరిగ్గా తుడవని ఫ్లక్స్ పొర, ఇవన్నీ పదుల మెగాఓమ్‌ల రెసిస్టర్‌కు పోటీగా దారులు తెరుస్తాయి. ఒకటి రెండు మెగాఓమ్‌లు దాటితే మామూలు పీసీబీ మీద రెసిస్టర్ విలువకు అర్థం తగ్గుతూ పోతుంది.

మెల్లగా గీత దాటే టైమర్లన్నిటికీ మరో ఇబ్బంది ఉంది. ఈ సర్క్యూట్‌లో గీత దగ్గర వోల్టేజీ సెకనుకు 24 మిల్లీవోల్టుల చొప్పున పాకుతుంది. సప్లైలో ఐదారు మిల్లీవోల్టుల గోల ఉంటే చాలు, కంపారేటర్ దాదాపు పావు సెకను పాటు అటూఇటూ ఊగి రిలే గరగరమంటుంది. అవుట్‌పుట్ నుంచి గీత ఉన్న కాలికి 470 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేస్తే ఊగడం ఆగుతుంది. కానీ అది గీతను 7.6 నుంచి 7.8 వోల్టుల దాకా ఎత్తేస్తుంది కాబట్టి సమయాన్ని మళ్లీ లెక్కగట్టాలి. నాలుగైదు శాతం పెరుగుతుంది.

ఇంతకీ మూడు నిమిషాలకు దారేమిటి? ఆర్‌సీ సమయాన్ని తగ్గించేసి, దాన్ని లెక్కపెట్టుకోవడం. 23 నుంచి 26 మిల్లీసెకన్ల ఆర్‌సీ ఆవృత్తి ఒకటి తీసుకుని, అది ఎనిమిది వేల సార్లు జరిగేదాకా ఆగితే మూడు నిమిషాలు దాటుతుంది. అంత చిన్న ఆర్‌సీకి 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ సరిపోతుంది. అందులో కారేదాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. సీడీ4060 ఐసీలో ఆసిలేటరూ, పద్నాలుగు మెట్ల కౌంటరూ రెండూ ఒకేచోట ఉన్నాయి. చివరి మెట్టు క్యూ14 అవుట్‌పుట్ సరిగ్గా 8192 ఆవృత్తుల తర్వాత పైకి లేస్తుంది.

```
T = 2.3 × R × C
t = 8192 × T
R = 110 k, C = 0.1 µF  →  T = 25.3 ms, t = 207 s
```

2.3 అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే గీత సంగతి మళ్లీ ఎదురవుతుంది. ఈ ఆసిలేటర్‌లో కెపాసిటర్ ఒక ఆవృత్తిలో గీతను రెండుసార్లు దాటుతుంది, పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి. గీత సరిగ్గా సగంలో ఉంటే ఒక్కో దాటుకూ 1.1 చొప్పున మొత్తం 2.2 రావాలి. డేటాషీట్‌లో అనుభవం మీద 2.3 అని రాస్తారు. సీమాస్ గేట్ల గీత ఐసీ ఐసీకీ మారుతుంది, సగం బదులు 40 శాతం దగ్గరో 30 శాతం దగ్గరో ఉండవచ్చు. కానీ గీత కిందికి జరిగితే ఒక దాటు ఎంత పొడవవుతుందో రెండోది దాదాపు అంత పొట్టిదవుతుంది. 40 శాతానికి జరిగినా మొత్తం మీద తేడా రెండు శాతంలోపే. 30 శాతానికి జరిగినా ఏడు శాతం. ఒకే ఒక్కసారి దాటే టైమర్‌లో గీత ఇంత జరిగితే సమయం సగానికి పడిపోయేది.

కింది హద్దును ఇప్పుడు నిజంగా పరీక్షించవచ్చు. ఐదు శాతం ఫిల్మ్ కెపాసిటర్, ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ అనుకుంటే ఇద్దరూ కలిసి ఆరు శాతం తగ్గించగలరు. ఐసీ 2.3 బదులు 2.2 ఇచ్చిందనుకున్నా 198 సెకన్లు, అందులో ఆరు శాతం పోతే 186. ఇంకా 180 పైనే ఉన్నాం. అన్నీ పెరిగే వైపుకు వెళ్తే మూడు నిమిషాల నలభై అయిదు సెకన్లు. పాలకూ ముప్పు లేదు. 110 బదులు 100 కిలోఓమ్‌లు పెట్టి ఉంటే మధ్య విలువ 188 సెకన్లుగా బాగానే కనిపించేది, కానీ చెడ్డ జత పడితే 169కి దిగేది. రెసిస్టర్‌ను చివర ఎంచుకోవాలన్నది ఇందుకే: మిగతా వాటి తప్పులన్నీ తెలిశాక, వాటిని కప్పేంత పైకి జరపడం ఒక్క రెసిస్టర్‌తోనే సులువు. ఆసిలేటర్ ఇన్‌పుట్‌కు వెళ్లే మరో రెసిస్టర్, పిన్ 11 దగ్గరిది, దీనికి చాలా రెట్లు పెద్దదిగా ఉండాలి, ఒక మెగాఓమ్ సరిపోతుంది. క్యూ14 లేచాక ఆసిలేటర్‌ను ఆపేయడానికి పిన్ 3 నుంచి పిన్ 11కి ఒక డయోడ్ వేస్తే లెక్క అక్కడే నిలిచిపోతుంది. లేకపోతే మరో 8192 ఆవృత్తుల తర్వాత క్యూ14 మళ్లీ పడిపోయి ఫ్రిజ్ ఆగిపోతుంది.

దీన్ని పరీక్షించడానికి ప్రతిసారీ మూడున్నర నిమిషాలు కూర్చోనక్కర్లేదు. క్యూ10, అంటే పిన్ 15 దగ్గర ఒక రెసిస్టర్‌తో ఎల్‌ఈడీ పెడితే సుమారు 26 సెకన్లకు ఒకసారి పూర్తిగా వెలిగి ఆరే చక్రం కనిపిస్తుంది. దాన్ని కొలిచి ఎనిమిదితో గుణిస్తే మొత్తం ఆలస్యం వచ్చేస్తుంది. ఐసీని మార్చి, కెపాసిటర్‌ను హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, తేడా ఎంతో నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ఇంత చేశాక కూడా ఈదురుగాలి రోజు టైమర్ మోసం చేసే చోటు ఒకటి మిగిలి ఉంటుంది. ఆలస్యం ప్రతిసారీ సున్నా నుంచే మొదలుకావాలి. మామూలు ఆర్‌సీలో కరెంటు పోయినప్పుడు కెపాసిటర్ అదే పెద్ద రెసిస్టర్ గుండా నిమిషాల తరబడి ఖాళీ అవుతుంది. సెకనులో కరెంటు వచ్చేస్తే అది ఇంకా గీత పైనే ఉంటుంది, రిలే వెంటనే పడి కరెంటు కలిపేస్తుంది. రెసిస్టర్‌కు సమాంతరంగా, సప్లై వైపు తిరిగిన డయోడ్ వేయడం దీనికి వాడుక మందు. సప్లై పడగానే కెపాసిటర్ డయోడ్ గుండా ఖాళీ అవుతుంది. 0.6 వోల్టుల దాకానే దిగుతుంది కాబట్టి మరుసటి సారి ఆలస్యం 180 బదులు 170 చిల్లరకు తగ్గుతుందన్నది లెక్కలో కలుపుకోవాలి.

కానీ డయోడ్ పని చేయాలంటే సప్లై నిజంగా పడాలి. 1000 మైక్రోఫారడ్‌ల ఫిల్టర్ కెపాసిటర్ ఉన్న సప్లైలో, సర్క్యూట్ ముప్పై నలభై మిల్లీఆంపియర్లు తాగుతున్నా, అది ఖాళీ కావడానికి మూడో వంతు సెకను పడుతుంది. ఆ లోపు పోయి వచ్చిన కరెంటు టైమర్ కంట్లో పడదు. రిలే పట్టుకునే ఉంటుంది, తడబడిన కంప్రెసర్‌కు మళ్లీ నేరుగా కరెంటు అందుతుంది. కౌంటర్‌కూ ఇదే ఇబ్బంది. అందుకే కరెంటు ఉందా లేదా అన్న సంకేతాన్ని ఫిల్టర్ అయిన 12 వోల్టుల నుంచి తీయకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ నుంచి వేరే ఒక డయోడ్, ఒక మైక్రోఫారడ్, దానికి సమాంతరంగా 100 కిలోఓమ్‌లు పెట్టి అక్కడి నుంచి తీయాలి. ఇది కూడా ఆర్‌సీ టైమరే, కాకపోతే పదో వంతు సెకనుది. 50 హెర్ట్జ్ అలల మధ్య ఖాళీలను దాటేంత నిదానం, కరెంటు పోయిందని వెంటనే గుర్తించేంత చురుకు. ఇది పడిపోగానే ఒక ట్రాన్సిస్టర్ సీడీ4060 రీసెట్ కాలు, పిన్ 12ను పైకి లాగాలి.

పూర్తయిన పెట్టెను ఫ్రిజ్‌కు తగిలించే ముందు రిలే కాంటాక్ట్‌కు 60 వాట్ల బల్బు ఒకటి కట్టి చూడాలి. రిలే పడి బల్బు వెలిగాక, గోడ స్విచ్‌ను ఆపి వెంటనే, ఒక్క చిటికెలో మళ్లీ వేయాలి. బల్బు ఆరి, మళ్లీ మూడు నిమిషాలు దాటాకే వెలగాలి. ఆ చిటికెలో బల్బు ఆరకపోయినా, ఆరి వెంటనే వెలిగినా, విలువలు ఎంత బాగా కుదిరినా ఆ టైమర్ కంప్రెసర్‌ను కాపాడదు. అప్పుడు వెతకాల్సింది ఆర్‌సీలో కాదు, రీసెట్ సంకేతం ఎక్కడి నుంచి తీశారన్న దగ్గర.